నరం, నాడి, సిర: వైద్య ప్రసంగాన్ని తెలుగులో రాసేటప్పుడు ఏ మాట పెట్టాలి?

మన సంఘాల్లో ఆరోగ్య శిబిరం పెడితే డాక్టరు గారు ఓ అరగంట మాట్లాడతారు. ఆ మాటల సారాన్ని రెండు పేజీల్లో తెలుగులో రాసి సభ్యుల ఇళ్ళకు పంపడం హోసూరులో మా కార్యవర్గం పెట్టుకున్న పని. జబ్బు గురించి రాయడం అంత కష్టం కాదు. శరీర భాగాల పేర్లు వచ్చినప్పుడే కలం ఆగుతుంది. తెలుగు మాట పెట్టాలా, డాక్టరు గారి నోట వచ్చిన లాటిన్ పేరే ఉంచాలా? కాళ్ళ వాపుల మీద జరిగిన ప్రసంగం దగ్గర ఈ ప్రశ్న బాగా ముదిరింది కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాం.

తొడ, గజ్జ, మోకాలు, పిక్క, చీలమండ, ఊపిరితిత్తులు. వీటి దగ్గర చర్చే లేదు. ఒక్కో మాటకు ఒకటే అర్థం, ఇంట్లో అందరూ అనేవే. అలాగే కిడ్నీని మూత్రపిండం చేయాల్సిన అవసరమూ మాకు కనిపించలేదు. కిడ్నీ అంటే అవ్వకు కూడా తెలుసు.

చిక్కంతా నరంతోనే. చేతికి సెలైన్ పెట్టేటప్పుడు 'నరం దొరకడం లేదు' అంటాం. అది రక్తం పోయే గొట్టం. 'నరాల బలహీనత' అంటాం. అది మెదడు నుంచి కబుర్లు మోసే తీగ. రాత్రి పిక్క బిగిస్తే 'నరం పట్టేసింది' అంటాం. అది కండరం. మూడు వేర్వేరు వస్తువులకు ఒకే మాట. మాట్లాడుకునేటప్పుడు సందర్భమే అర్థం చెబుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. రాతలో ఆ సందర్భం జారిపోతుంది.

'కాలి నరంలో రక్తం గడ్డకట్టింది' అని రాశామనుకోండి. చదివినవాళ్ళు ముందు చేసేది ఏమిటి? నూనె వేడిచేసి కాలు మర్దన చేయడం. నరాల నొప్పికి మన ఇళ్ళలో అదే అలవాటు. కానీ లోతు సిరలో గడ్డ ఉన్న కాలిని మర్దించకూడదు. గడ్డ ఊడి రక్తంతో పాటు గుండెకు, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు చేరి అడ్డుపడవచ్చు. ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి అది. అందుకే ఆ వాక్యంలో నరం అన్న మాట ఉండకూడదని నిర్ణయించుకున్నాం.

మరి దాని బదులు ఏది? తెలుగు పాఠ్యపుస్తకాల్లో మంచి జత ఉంది. గుండె నుంచి రక్తాన్ని బయటికి తీసుకుపోయేది ధమని, తిరిగి గుండెకు తెచ్చేది సిర. మన పిల్లల్లో బయాలజీ తమిళంలో చదివినవాళ్ళకూ ఇవి కొత్త కాదు, వాళ్ళ పుస్తకాల్లోనూ తమని, సిరై అనే ఉంటాయి. ఒడియాలోనూ ధమని, శిరా అంటారు. కన్నడంలో మాత్రం ఒక చిన్న గుంట ఉంది. అక్కడ ధమనిని అపధమని అంటారు, సిరను అభిధమని అంటారు. కన్నడ బడిలో చదివినవాళ్ళకు రెండిట్లోనూ ధమని వినిపిస్తుంది. కాబట్టి బెంగళూరు, బళ్ళారి వైపు వెళ్ళే ప్రతిలో ఆ రెండు మాటలకూ మొదటిసారి అర్థం విడమర్చి రాయాల్సిందే.

మూడోదానికి, అంటే కబుర్ల తీగకు, పుస్తకాల్లో నాడి అని ఉంది. ఇది మాకు నచ్చలేదు. మన ఇళ్ళలో నాడి అంటే డాక్టరు మణికట్టు పట్టుకుని చూసేది. అది కొట్టుకునేది ధమనిలో. 'కాలి నాడి బలహీనంగా ఉంది' అన్న వాక్యం పుస్తకం ప్రకారం ఒక జబ్బు, ఇంటి మాట ప్రకారం ఇంకో జబ్బు. అందుకని కబుర్ల తీగ ఒక్కదానికే నరం ఉంచాం, రక్తపు గొట్టాలకు ఆ మాట వాడటం మానేశాం. నాడిని కొట్టుకునేదానికే వదిలేశాం. పండితులు ఒప్పుకోకపోవచ్చు, ఫరవాలేదు.

ఇక లాటిన్ పేర్లు. 1895లో బాసెల్ నగరంలో ఒప్పుకున్న లాటిన్ జాబితా చాలాసార్లు మారి, 1998లో ప్రపంచమంతటికీ ఒక జాబితాగా వచ్చింది. అందులో 'వీనా సఫీనా మాగ్నా' అన్నదే మన డాక్టర్ల నోట గ్రేట్ సఫీనస్ వెయిన్ అయింది. చీలమండ లోపలి వైపు నుంచి గజ్జ దాకా చర్మం కిందే పైకి పోయే పొడవాటి సిర అది. దాన్ని ఎవరో 'మహా సఫీన సిర' అని అనువదించి పంపారు. వినడానికి బాగుంది కానీ ఏ స్కాన్ రిపోర్టులోనూ ఆ పేరు ఉండదు. రిపోర్టు చేతిలో పట్టుకుని మన పేజీతో సరిచూసుకునేవాళ్ళకు అది దేనికీ పనికిరాదు. రిపోర్టులో కనిపించే పేర్లను ముక్కలు చేసి అనువదించకుండా, పలికే తీరులోనే తెలుగు లిపిలో రాసి, అది ఎక్కడుంటుందో పక్కన చెప్పాలన్నది మా పద్ధతి.

అనువదిస్తే పనికిరాకపోవడమే కాదు, ప్రమాదమూ ఉంటుందనడానికి ఒక పేరు సాక్ష్యం. తొడలో ఒక పెద్ద సిరను చాలాకాలం సూపర్‌ఫిషియల్ ఫెమోరల్ వెయిన్ అన్నారు. సూపర్‌ఫిషియల్ అంటే పైపైన ఉండేది. కానీ నిజానికి అది లోతు సిర. పేరు చూసి డాక్టర్లే పొరబడి, అందులో గడ్డను తేలిగ్గా తీసుకునే ప్రమాదం ఉందని 1995లో అమెరికా వైద్య పత్రికలో హెచ్చరిక వచ్చింది. ఆ తర్వాత నిపుణులు కూడి ఆ పేరును వదిలేసి ఫెమోరల్ వెయిన్ అని మాత్రమే అనాలన్నారు. పాత అలవాటు కొద్దీ కొన్ని రిపోర్టుల్లో ఆ పేరు ఇంకా కనిపించవచ్చు. దాన్ని మనం 'తొడ పైసిర' అని తెలుగు చేస్తే, పైసిరే కదా, కంగారెందుకు అని ఊరుకునేవాళ్ళు ఉంటారు.

మా కాళ్ళ వాపుల ప్రతిలో ముఖ్యమైన పేరా మొదట ఇలా వచ్చింది: 'నరాల కవాటాలు చెడితే వేరికోస్ వస్తుంది. లోతు నరంలో గడ్డకడితే వాపు వస్తుంది. నరం మూసుకుపోతే నడిస్తే నొప్పి.' ఇందులో మూడు నరాలూ మూడు రకాలు. మొదటివి చర్మం కింది సిరలు, రెండోది లోతు సిర, మూడోది ధమని. చదివినవాళ్ళకు ఆ తేడా అందదు.

దిద్దాక ఇలా అయింది: 'రక్తాన్ని గుండెకు తిరిగి తెచ్చే గొట్టాలు సిరలు, రిపోర్టులో వీటిని వెయిన్ అంటారు. చర్మం కింది సిరల్లో కవాటాలు చెడితే అవి మెలికలు తిరిగి ఉబ్బుతాయి, ఎక్కువసేపు నిలబడితే కాలు బరువెక్కుతుంది. ఇదే వేరికోస్. కండరాల మధ్య పోయే లోతు సిరలో రక్తం గడ్డకడితే సాధారణంగా ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వెచ్చగా ఉంటుంది. ఈ కాలిని మర్దించకుండా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. గుండె నుంచి కాలికి రక్తం తెచ్చే గొట్టం ధమని, రిపోర్టులో ఆర్టరీ. అది ఇరుకైతే కొంత దూరం నడవగానే పిక్క పట్టేస్తుంది, ఆగితే తగ్గుతుంది. నడుము నుంచి కాలి వెనకగా జిల్లుమని దిగే నొప్పి వీటిలో దేనిదీ కాదు, అది నరానిది, సయాటికా అంటారు.'

మాటలు సుమారు ఆరింతలయ్యాయి, నిజమే. ఒక పేజీ ఎక్కువైనా ఇక్కడ కుదించవద్దన్నాం. వేరికోస్‌కు వేసుకునే బిగుతు మేజోళ్ళ సంగతి కూడా ఆ తేడా మీదే ఆధారపడి ఉంది. ధమని బాగా ఇరుకైన కాలికి అవి వేస్తే, అసలే తక్కువగా అందే రక్తం ఇంకా తగ్గుతుంది. అందుకే డాక్టరు ముందు పాదం దగ్గర నాడి చూస్తారు. ఆ వాక్యంలో 'నాడి' అని నిర్భయంగా రాయగలిగాం.

అచ్చుకు పోయే ముందు ఇద్దరి చేత చదివిస్తాం. ఒకరు తెలుగు బడిలో చదివిన పెద్దవారు, ఇంకొకరు తెలుగు మాట్లాడుతూ తమిళంలో చదివిన పిల్ల. పేజీ మూసేసి 'ఏ కాలికి నూనె పెట్టకూడదు?' అని అడుగుతాం. ఇద్దరూ ఒకే జవాబు చెబితే పేజీ అచ్చుకు పోతుంది. వేర్వేరు జవాబులు వస్తే ఏ మాట దగ్గర విడిపోయారో వెతికి ఆ వాక్యం మళ్ళీ రాస్తాం.