ఉండమన్న ఇల్లు తిరిగి అడిగినప్పుడు

విదేశాల్లో ఉన్నవాళ్ల సొంతూరి ఇల్లు బంధువుల చేతుల్లో చిక్కిన తగాదాల్లో వాది ఎక్కువగా ‘ఇల్లు నాది’ అనే మాట మీదే బరువంతా మోపుతాడు. కోర్టుకు అది సరిపోదు. ఎదుటివాడు ఆ ఇంట్లోకి ఎలా వచ్చాడన్నది కూడా అంతే ముఖ్యం.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. తెనాలి దగ్గర పల్లెలో 300 గజాల స్థలంలో ఒక పెంకుటిల్లు ఉంది. తాత ఆస్తిని అన్నదమ్ములిద్దరూ 1986లో రిజిస్టరు పారీఖత్తు ద్వారా పంచుకున్నారు, ఇల్లు అన్నగారి వాటాకు వచ్చింది. తల్లిదండ్రులు పోయాక కూతురు తన వాటాను అన్నకు రిజిస్టరు దస్తావేజుతో వదులుకుంది. అన్న అమెరికాలో ఉన్నాడు. ‘ఇల్లు పాడైపోతోంది, నువ్వుండి చూసుకోరా’ అని 2012లో బాబాయి కొడుక్కి తాళాలిచ్చాడు. 2024లో ఇల్లు అమ్ముదామని అడిగితే తమ్ముడు ‘ఇది తాతగారి ఇల్లు, నాకూ వాటా ఉంది, పైగా పన్నెండేళ్లుగా నేనే ఉంటున్నాను’ అన్నాడు.

ఈ జవాబులో ఉన్నవి రెండు వాదనలు. మొదటిదానికి పారీఖత్తే సమాధానం. అది లేకపోతే కథ మారిపోతుంది. తాత ఆస్తి పంపకం కాకుండా ఉమ్మడిగానే ఉంటే తమ్ముడూ హక్కుదారుడే. అప్పుడు వెయ్యాల్సింది పంపకం దావా, అతన్ని వెళ్లగొట్టే దావా కాదు. వకీలును కలిసే ముందు తేల్చుకోవాల్సిన మొదటి సంగతి ఇదే.

రెండో వాదన పైకి గట్టిగా కనిపిస్తుంది. లిమిటేషన్ చట్టం 65వ అధికరణం పన్నెండేళ్ల గడువు చెబుతుంది నిజమే. కానీ ఆ గడువు తాళాలిచ్చిన రోజు నుంచి నడవదు, స్వాధీనం యజమానికి వ్యతిరేకంగా మారిన రోజు నుంచి నడుస్తుంది. అనుమతితో ఉన్నవాడు ఎన్నేళ్లున్నా అది యజమాని తరఫున ఉన్నట్టే. గోవాలో అక్క ఇంట్లో తమ్ముడు ఉండిపోయిన మారియా మార్గరిడా కేసులో 2012లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: కాపలాదారుడు గాని, అభిమానం కొద్దీ ఉండనిచ్చిన బంధువు గాని, ఎంతకాలమున్నా ఆస్తిలో హక్కు సంపాదించుకోలేరు.

అందుకే దావాలో ఎప్పుడు, ఏ మాట మీద, ఎవరి ఎదుట తాళాలిచ్చారో, అనుమతి ఏ నోటీసుతో ఉపసంహరించారో తేదీలతో రాయాలి. ‘ఇంటి రిపేరుకు డబ్బు పంపన్నయ్యా’ అని తమ్ముడు పెట్టిన వాట్సాప్ సందేశం, అన్న పంపిన డబ్బుకు బ్యాంకు స్టేట్‌మెంటు ఇక్కడ బంగారంలాంటి సాక్ష్యాలు. సందేశాలు దాఖలు చేసేటప్పుడు చట్టం కోరే ఎలక్ట్రానిక్ సాక్ష్యపు ధ్రువపత్రం జతచేయాలి. తమ్ముడు తన పేరున చూపించే ఇంటి పన్ను రశీదులను చూసి బెదరనక్కర్లేదు. పన్ను రశీదు ఒక్కటే హక్కు పత్రం కాదు.

పారీఖత్తు, చెల్లెలి దస్తావేజు, తల్లిదండ్రుల మరణ ధ్రువపత్రాలు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఈసీ, నోటీసు, దానికొచ్చిన జవాబు దావాతో పాటే వెయ్యాలి. చివర ఆస్తి షెడ్యూలు రాయాలి. అందులోని నాలుగు హద్దులు దస్తావేజులోని హద్దులతో సరిపోవాలి. పక్కింటివారు మారి ఉంటే పాత పేరు, ఇప్పటి పేరు రెండూ రాయడం మేలు. హద్దులు కుదరకపోతే గెలిచాక అమలు దగ్గర చిక్కొస్తుంది.

ఇక విలువ. 1986 నాటి విలువ ఇక్కడ పనికిరాదు, దావా వేసిన రోజు మార్కెట్ విలువ కట్టాలి. సబ్‌రిజిస్ట్రారు ఇచ్చే విలువ పత్రం దానికి ఆధారంగా నిలుస్తుంది. గజం ఆరు వేల చొప్పున స్థలం పద్దెనిమిది లక్షలు, పాత కట్టడం ఆరు లక్షలు అనుకుంటే మొత్తం ఇరవై నాలుగు లక్షలు. ఉమ్మడి రాష్ట్రం నాటి 1956 కోర్టు ఫీజుల చట్టం ప్రకారం స్వాధీనం దావాలో ఇందులో మూడొంతుల మీద, అంటే పద్దెనిమిది లక్షల మీద ఫీజు లెక్కిస్తారు. హక్కు ప్రకటన, స్వాధీనం కలిపి అడిగినా లెక్క అదే మూడొంతులు. కాబట్టి ఫీజు మిగుల్చుకుందామని హక్కు ప్రకటన వదిలేయడం వృథా. వరంగల్ స్థల వివాదం నుంచి వచ్చిన అనాతుల సుధాకర్ కేసులో 2008లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది: హక్కు మీదే అనుమానం రేపినప్పుడు, స్వాధీనం కూడా చేతిలో లేనప్పుడు, హక్కు ప్రకటన, స్వాధీనం రెండూ అడగాలి. విలువ తక్కువ కడితే కోర్టు సరిదిద్దమంటుంది, గడువులోగా సరిచేయకపోతే దావా తిరస్కరిస్తుంది.

అమెరికా నుంచి ప్రతి వాయిదాకూ రాలేరు కాబట్టి నమ్మినవారికి జీపీఏ ఇస్తారు. అక్కడ రాసిన జీపీఏ ఇండియాకు చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. ఆ జీపీఏదారుడు దావా నడపగలడు గాని, యజమానికి మాత్రమే తెలిసిన సంగతులకు అతని బదులు సాక్ష్యం చెప్పలేడు. తాళాలిచ్చిన రోజు ఏమన్నారో అన్నే చెప్పాలి. కోర్టు అనుమతిస్తే వీడియో ద్వారా చెప్పవచ్చు. ఆ ఒక్క రోజుకు మాత్రం యజమాని సిద్ధంగా ఉండాలి.