రూపం ఒకటే, స్థానం వేరు: పేరు లేని ద్రవాన్ని గుర్తుపట్టేదెలా?

ఎమ్మెస్సీ ఆర్గానిక్ ల్యాబులో విద్యార్థి చేతికి ఒక చిన్న సీసా ఇస్తారు. లోపల నీళ్లలా తేటగా ఉన్న ద్రవం, మూత తీస్తే పండ్ల వాసన. సీసా మీద నంబరు తప్ప పేరుండదు. అణుఫార్ములా C4H8O2 అని మాత్రం చెప్తారు. ఆ ద్రవం ఏమిటో ఐఆర్, ప్రోటాన్ ఎన్ఎంఆర్ స్పెక్ట్రాలు చదివి తేల్చాలి, తేల్చినదానికి రుజువులు రికార్డులో రాయాలి.

స్పెక్ట్రం చూడకముందే ఫార్ములా ఒక మాట చెప్తుంది. నాలుగు కార్బన్లున్న అణువులో హైడ్రోజన్లు గరిష్ఠంగా పది పడతాయి. ఇక్కడ ఎనిమిదే ఉన్నాయి. రెండు తగ్గాయంటే అణువులో ఒక ద్విబంధమైనా ఉండాలి, లేదా ఒక వలయమైనా ఉండాలి. ఈ రెండిట్లో ఏదో ఐఆర్ చెప్తుంది.

అణువులోని బంధాలు ఎప్పుడూ కంపిస్తూనే ఉంటాయి. పరారుణ కాంతిని ద్రవంలోంచి పంపితే, ఒక్కో రకం బంధం తన కంపనానికి సరిపోయే కాంతిని మాత్రమే పీల్చుకుంటుంది. ఆ పీల్చుకున్న చోట గీత కిందికి దిగుతుంది. మన ద్రవం తీసిన ఐఆర్‌లో అన్నిటికంటే లోతుగా దిగిన గీత 1740 దగ్గర ఉంది. ఈ అంకెకు ప్రమాణం cm⁻¹. అది కార్బన్-ఆక్సిజన్ ద్విబంధం, అంటే కార్బొనిల్. తగ్గిన రెండు హైడ్రోజన్ల లెక్క దాంతో సరిపోయింది, ఇక వలయం కోసం వెతకక్కర్లేదు.

కార్బొనిల్ ఉన్నంత మాత్రాన ఎస్టర్ అనుకోకూడదు. ఇదే ఫార్ములాతో బ్యూటనోయిక్ ఆమ్లం కూడా ఉంది. అయితే ఆమ్లమైతే కార్బొనిల్ 1710 చుట్టుపక్కల కనిపించాలి. పైగా 2500 నుంచి 3300 దాకా వెడల్పాటి లోయ పడాలి. అది ఇక్కడ లేదు. ఆమ్లానికుండే ముక్క వాసనా లేదు.

చాలామంది తడబడేది 3450 దగ్గర కనిపించే చిన్న గీత దగ్గర. అది చూడగానే ‘ఓహెచ్ ఉంది, ఇది ఆల్కహాల్’ అని రాసేస్తారు. నిజానికి అది కార్బొనిల్ కంపనానికే రెట్టింపు పౌనఃపున్యంలో వచ్చే ఓవర్‌టోన్. 1740కి రెట్టింపు 3480, అసలు బంధం ఆదర్శ స్ప్రింగులా కంపించదు కాబట్టి కొంచెం తక్కువలో పడుతుంది. తేడా కనిపెట్టడం కష్టమేమీ కాదు. ఆల్కహాల్ గీత వెడల్పుగా, లోతుగా ఉంటుంది. ఓవర్‌టోన్ సన్నగా, ఉందా లేదా అన్నట్టుంటుంది.

ఎస్టర్ అని తేలింది. కానీ ఏ ఎస్టర్? ఇక్కడ ఎన్ఎంఆర్ కావాలి.

ద్రవం ఓ ఐదు పది మిల్లీగ్రాములు తీసుకుని, అర మిల్లీలీటరుకు కాస్త ఎక్కువ CDCl3లో కలిపి, సన్నటి గాజు గొట్టంలో పోసి బలమైన అయస్కాంతంలో దింపుతారు. మామూలు క్లోరోఫాం వాడితే దాని హైడ్రోజనే స్పెక్ట్రమంతా కమ్మేస్తుంది. అందుకే హైడ్రోజన్ బదులు డ్యుటీరియం ఉన్నది వాడతారు. ప్రతి హైడ్రోజన్ కేంద్రకం ఒక బుల్లి అయస్కాంతం. దాని చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లు బయటి అయస్కాంత ప్రభావాన్ని కొంత అడ్డుకుంటాయి. పక్కన ఆక్సిజన్ ఉంటే అది ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుంటుంది, అడ్డు తగ్గుతుంది, పీక్ ఎడమకు, అంటే ఎక్కువ పీపీఎం వైపు జరుగుతుంది. ఒకే అణువులోని వేర్వేరు హైడ్రోజన్లు ఇలా విడివిడి పీకులిస్తాయని 1951లో స్టాన్‌ఫర్డ్‌లో ఇథనాల్‌తో చూపించిన ముగ్గురిలో ఒకరు మన దేశస్థుడు ఎస్.ఎస్. ధర్మట్టి. తర్వాత ఆయన ముంబయిలోని టాటా పరిశోధనా సంస్థలో ఎన్ఎంఆర్ పరిశోధన మొదలుపెట్టారు. మన పాఠ్యపుస్తకాల్లో ఆ పేరు ఇంకా గట్టిగా వినిపించాలని నా కోరిక.

మన ద్రవం స్పెక్ట్రంలో మూడు చోట్ల పీకులున్నాయి. 3.67 దగ్గర ఒంటి గీత, సింగ్లెట్. 2.32 దగ్గర నాలుగు గీతల గుంపు, క్వార్టెట్. 1.15 దగ్గర మూడు గీతల ట్రిప్లెట్. వాటి కింది వైశాల్యాలు 3:2:3 నిష్పత్తిలో ఉన్నాయి. కలిపితే ఎనిమిది, ఫార్ములాలోని హైడ్రోజన్ల లెక్కకు సరిపోయింది.

పక్క కార్బన్ మీద ఎన్ని హైడ్రోజన్లుంటే, దానికంటే ఒకటి ఎక్కువగా పీక్ చీలుతుంది. క్వార్టెట్ అంటే పక్కన మూడు హైడ్రోజన్లు, ట్రిప్లెట్ అంటే పక్కన రెండు. రెండిట్లోనూ గీతల మధ్య దూరం ఏడు హెర్ట్జ్‌కు కాస్త ఎక్కువే, ఒకేలా ఉంది. అంటే అవి ఒకదాన్నొకటి చీలుస్తున్నాయి, కలిసి ఒక ఇథైల్ గుంపు. ఒంటరిగా ఉన్నది మిథైల్ గుంపు.

ఇథైల్, మిథైల్, ఎస్టర్ అనగానే విద్యార్థి కలం ‘ఇథైల్ అసిటేట్’ అని రాసేస్తుంది. అది ప్రతి ల్యాబులో సీసాల కొద్దీ ఉండే ద్రావణి, వాసనా పరిచయమే. దాని స్పెక్ట్రంలోనూ ఒక సింగ్లెట్, ఒక క్వార్టెట్, ఒక ట్రిప్లెట్ ఉంటాయి. వైశాల్యాల నిష్పత్తీ అదే. మరిగే ఉష్ణోగ్రతను నమ్ముకుందామన్నా, ఇథైల్ అసిటేట్‌ది 77 డిగ్రీలు, దీనిది 80. మామూలు థర్మామీటరుతో ఆ తేడాను పట్టుకుని తీర్పు చెప్పలేం.

తీర్పు చెప్పేది పీక్ స్థానం. ఇథైల్ అసిటేట్‌లో ఇథైల్ ఆక్సిజన్‌ను పట్టుకుని ఉంటుంది, కాబట్టి దాని క్వార్టెట్ 4.12 దాకా వెళ్తుంది. మిథైల్ కార్బొనిల్ పక్కన ఉంటుంది, సింగ్లెట్ 2.04 దగ్గరే ఆగుతుంది. మన స్పెక్ట్రంలో ఇది తారుమారైంది. ఆక్సిజన్ పక్కన ఉండాల్సిన స్థానంలో, 3.67 దగ్గర, సింగ్లెట్ ఉంది. కార్బొనిల్ పక్కన ఉండాల్సిన స్థానంలో క్వార్టెట్ ఉంది. ఆక్సిజన్‌కు అంటుకున్నది మిథైల్, కార్బొనిల్‌కు అంటుకున్నది ఇథైల్. ద్రవం మిథైల్ ప్రొపనోయేట్:

```
CH3CH2COOCH3
```

పేరు తేలాక మళ్లీ ఐఆర్ దగ్గరికి వెళ్తే అక్కడా చిన్న సాక్ష్యం దొరుకుతుంది. అసిటేట్ ఎస్టర్లలో కార్బన్-ఆక్సిజన్ ఏకబంధం గీత 1240 దగ్గర బలంగా పడుతుంది, మనదాంట్లో అది 1200 దగ్గర ఉంది. ఒక్క దాన్నే పట్టుకుని నిర్ణయించలేం, నిర్ణయానికి తోడుగా మాత్రం నిలుస్తుంది. ఫార్మేట్ ఎస్టర్లను కూడా కొట్టేస్తున్నట్టు రాయాలి. వాటిలో కార్బొనిల్ మీది హైడ్రోజన్ 8 పీపీఎం దగ్గర కనిపిస్తుంది, ఇక్కడ ఆ చోటు ఖాళీ.

లెక్కకు రాని పీకులు ఇంకా ఉంటాయి. 7.26 దగ్గరిది ద్రావణిలో మిగిలిన మామూలు క్లోరోఫాం, 1.56 దగ్గరిది అందులోని తేమ. 2.17 దగ్గర చిన్న సింగ్లెట్ ఉంటే గొట్టాన్ని అసిటోన్‌తో కడిగి సరిగా ఆరబెట్టలేదన్నమాట. 4.12 దగ్గర చిన్న క్వార్టెట్ కనిపిస్తే దాన్ని వదిలేయకుండా కొలవాలి, నమూనాలో ఇథైల్ అసిటేట్ కలిసిందేమో చూడాలి. 3.67 పీక్ వైశాల్యాన్ని 3.00గా పెట్టినప్పుడు ఆ క్వార్టెట్ 0.06 వచ్చిందనుకోండి. అది రెండు హైడ్రోజన్ల పీక్ కాబట్టి సగం చేస్తే 0.03. అంటే ప్రతి వంద మిథైల్ ప్రొపనోయేట్ అణువులకు మూడు ఇథైల్ అసిటేట్ అణువులున్నట్టు. ఆ అంకెను కూడా రికార్డులో పేరు కిందే రాయాలి.