ప్లస్ నుంచే కరెంటు బయటికొస్తుందా? నోడల్ పద్ధతి: అపోహలు – వాస్తవాలు

చింతామణి, బాగేపల్లి వైపు డిప్లొమా, ఇంజనీరింగ్ చదివే పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, పరీక్షలో ఇంగ్లిషు. మూడు భాషలనూ నెగ్గుకొచ్చిన ఈ పిల్లలే సర్క్యూట్‌లో రెండో బ్యాటరీ కనబడగానే కలం ఆపేస్తున్నారు. దీనికి కారణం ట్యూషన్ నోట్సుల్లో చేతులు మారుతూ వస్తున్న ఒక మాట: “కరెంటు ఎప్పుడూ సోర్స్ ప్లస్ నుంచే బయటికి వస్తుంది. ముందు ప్రతి బ్రాంచ్‌లో దాని దిక్కు సరిగ్గా కనిపెట్టు, ఆ తర్వాతే సమీకరణం రాయి.”

ఇందులో రెండు వాక్యాలూ తప్పే. ఒకే సోర్స్ ఉన్నప్పుడు మొదటి వాక్యం ఎలాగూ నిజమవుతుంది కాబట్టి అది మనసులో పాతుకుపోతుంది. మూడు సోర్సులున్న చోట ఏ బ్రాంచ్‌లో కరెంటు ఎటు పోతుందన్నది లెక్క చివర తేలాల్సిన జవాబు. దాన్ని మొదటే చెప్పమంటే పిల్లలు ఏం చేస్తారు? ఊహించి బాణాలు గీస్తారు, ఆ బాణాలను కాపాడుకోవడానికి గుర్తులు మారుస్తారు. లేదంటే ప్రశ్న వదిలేస్తారు.

కైవారం దగ్గర ఒక రైతు ఇల్లు, కాస్త దూరంలో పట్టుపురుగుల షెడ్డు ఉన్నాయనుకుందాం. ఇంట్లో రెండు బ్యాటరీలను పక్కపక్కన, ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపారు. కొత్తదాని వోల్టేజి 12.8, దాని లోపలి రెసిస్టెన్సు, తీగలు కలిపి 0.05 ఓమ్. పాతదాని వోల్టేజి 12, రెసిస్టెన్సు 0.1 ఓమ్. అక్కడి నుంచి షెడ్డుకు వేసిన కేబుల్ రానూపోనూ కలిపి 0.5 ఓమ్. షెడ్డు మీద ఒక సోలార్ ప్యానెల్ ఉంది; మంచి ఎండలో అది 4 ఆంపియర్లు ఇస్తోంది. బ్యాటరీ వోల్టేజి ప్యానెల్ గరిష్ఠ వోల్టేజికి బాగా కింద ఉన్నంతవరకు ప్యానెల్‌ను కరెంట్ సోర్స్‌గా తీసుకోవచ్చు. షెడ్డులో లైట్లు, ఫ్యాను కలిపి 2.4 ఓమ్‌ల లోడు. సోర్సులు మూడు, మనకు తెలియని వోల్టేజీలు రెండే.

మైనస్ తీగలన్నీ కలిసే చోటును సున్నా అనుకోండి. బ్యాటరీల ప్లస్‌లు కలిసే చోటు A, షెడ్డు దగ్గర కేబుల్ చివర B. ఇక పాటించాల్సింది ఒక్క నియమం: ఏ నోడు దగ్గర నిలబడితే ఆ నోడు నుంచి కరెంటులన్నీ బయటికే పోతున్నట్టు రాయాలి. “ఈ నోడు వోల్టేజి మైనస్ అవతలి చివర వోల్టేజి”ని మధ్యనున్న రెసిస్టెన్సుతో భాగిస్తే ఆ కరెంటు వస్తుంది. నిజానికి అది లోపలికి వస్తుంటే జవాబు మైనస్‌లో వస్తుంది, అంతే. కిర్కాఫ్ 1845లో చెప్పిన నియమం ప్రకారం మొత్తం సున్నా అయితే చాలు. ఏది బయటికి, ఏది లోపలికి అని ఆయన మనల్ని అడగలేదు.

A దగ్గర మూడు దారులున్నాయి: కొత్త బ్యాటరీ, పాత బ్యాటరీ, కేబుల్.

```
(VA - 12.8)/0.05 + (VA - 12)/0.1 + (VA - VB)/0.5 = 0
```

కొత్త బ్యాటరీ వైపు అవతలి చివర 12.8 వోల్టులు కాబట్టి అదే తీసేశాం. బ్యాటరీ మనకు కరెంటు ఇస్తుందా, మన దగ్గర తీసుకుంటుందా అని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. 0.05తో భాగించడమంటే 20తో గుణించడం; మిగతావి 10, 2. సర్దితే:

```
32 VA - 2 VB = 376
```

B దగ్గర కేబుల్, లోడు, ప్యానెల్ ఉన్నాయి. ప్యానెల్ 4 ఆంపియర్లు లోపలికి పంపుతోందని మనకు ముందే తెలుసు, కాబట్టి బయటికి పోయే లెక్కలో అది మైనస్ 4.

```
(VB - VA)/0.5 + VB/2.4 - 4 = 0
```

దీన్ని 12తో గుణిస్తే -24 VA + 29 VB = 48. మొదటి సమీకరణం నుంచి VB = 16 VA - 188. ఇందులో వేస్తే 440 VA = 5500. అంటే A దగ్గర 12.5 వోల్టులు, B దగ్గర 12 వోల్టులు.

ఇప్పుడు దిక్కులు అడగండి, చెప్తాను. కొత్త బ్యాటరీ వైపు (12.5 - 12.8)/0.05, అంటే మైనస్ 6: అది 6 ఆంపియర్లు ఇస్తోంది. పాతదాని వైపు (12.5 - 12)/0.1, అంటే ప్లస్ 5: A నుంచి 5 ఆంపియర్లు దాని ప్లస్ టెర్మినల్ గుండా లోపలికే పోతున్నాయి. మిగిలిన 1 ఆంపియరు కేబుల్ మీదుగా షెడ్డుకు చేరి, ప్యానెల్ ఇచ్చే 4తో కలిసి లోడుకు 5 అవుతోంది. “ప్లస్ నుంచే బయటికి” అన్న మాట పాత బ్యాటరీ దగ్గరే కూలిపోయింది.

లైట్లు, ఫ్యాను ఆపేయండి. B సమీకరణంలో లోడు పదం ఒక్కటే పోతుంది. A సమీకరణంలో అక్షరం కూడా మారదు. జవాబు A దగ్గర సుమారు 12.67, B దగ్గర 14.67 వోల్టులు. ఇప్పుడు కేబుల్‌లో 4 ఆంపియర్లు షెడ్డు నుంచి ఇంటికి వస్తున్నాయి. స్విచ్ వేసినప్పుడు ఒక దిక్కు, ఆపినప్పుడు ఇంకో దిక్కు. ముందే బాణం కనిపెట్టమన్నవాళ్లు ఏ బాణం గీయమంటారు?

ఈ అపోహ లెక్కను ఎలా చెడగొడుతుందో దగ్గరగా చూడండి. A దగ్గర విద్యార్థి కేబుల్ కరెంటును A నుంచి B వైపు గీసి (VA - VB)/0.5 అని సరిగ్గానే రాస్తాడు. B దగ్గరికి రాగానే “ఇది లోపలికొచ్చే కరెంటు కదా” అని ప్యానెల్‌తో కలుపుతాడు, కానీ రాసేటప్పుడు నిలబడ్డ నోడును ముందు పెట్టే అలవాటు కొద్దీ ఇలా రాస్తాడు:

```
(VB - VA)/0.5 + 4 = VB/2.4
```

బాణం ఒకటి, రాత ఇంకొకటి. బాణం ఎటు గీసినా తప్పు లేదు, కానీ బాణం తోక వోల్టేజిలోంచి తల వోల్టేజి తీసేయాలి. ఈ తప్పుతో సాధిస్తే VA 12.59, VB 13.37 వస్తాయి. 12 వోల్టుల వ్యవస్థలో ఆ అంకెలు చూడ్డానికి నమ్మేలానే ఉంటాయి, అందుకే తప్పు కంటపడదు. పట్టుకోవాలంటే జవాబులను B దగ్గర మళ్లీ వేసి చూడాలి. లోడు తీసుకునేది 13.37/2.4, సుమారు 5.57 ఆంపియర్లు. కేబుల్‌లో A వైపు వోల్టేజి తక్కువ కాబట్టి 1.57 ఆంపియర్లు B నుంచి వెళ్లిపోతున్నాయి. ప్యానెల్ ఇచ్చేది 4 మాత్రమే. 4 వచ్చి 7 పైన పోవడం ఎలా కుదురుతుంది?

సాధించకముందే పట్టే ఉపాయం కూడా ఉంది. A సమీకరణంలో VA ముందున్న 32 అంటే A ని తాకే దారుల 20, 10, 2 మొత్తం. VB ముందున్న మైనస్ 2 కేబుల్‌ది. B సమీకరణంలో, 12తో గుణించకముందు, VA ముందు కూడా అదే మైనస్ 2 ఉండాలి. సొంత నోడుది దాన్ని తాకే దారుల మొత్తం, గుర్తు ప్లస్; పక్క నోడుది మైనస్, రెండు సమీకరణాల్లో ఆ మైనస్ సమానం. పై తప్పు సమీకరణంలో పదాలన్నీ ఒకవైపుకు తెస్తే VA ముందు మైనస్ 2 సరిగ్గానే ఉంటుంది, కానీ VB ముందు కేబుల్, లోడుల మొత్తానికి బదులు వాటి తేడా వస్తుంది; తప్పు అక్కడే దొరుకుతుంది. సర్క్యూట్‌లో డిపెండెంట్ సోర్స్ ఉంటే ఈ పోలిక చెల్లదు.

మిగతా మాటలకు ఇంత చోటు అక్కర్లేదు. సోర్సులు పెరిగితే సమీకరణాలు పెరుగుతాయన్నది తప్పు. మామూలుగా కావలసినవి నోడుల సంఖ్య కంటే ఒకటి తక్కువ. సున్నా నోడు భూమిలో పాతిన ఎర్తే కావాలన్నదీ తప్పు. ఎక్కువ తీగలు కలిసే చోటును ఎంచుకుంటే రాత తగ్గుతుంది. చాలా సోర్సులుంటే సూపర్‌పొజిషనే దిక్కన్నది తప్పు. దానితో పై లెక్కను మూడుసార్లు చేయాలి, అప్పుడు కూడా పవర్లను కూడితే తప్పే వస్తుంది.

ఒక్క అపోహలో మాత్రం కొంత నిజముందని ఒప్పుకోవాలి: “వోల్టేజి సోర్స్ ఉంటే నోడల్ పనిచేయదు.” సోర్స్‌తో వరసగా రెసిస్టెన్సు ఉంటే ఇబ్బందే లేదు, పైన చేసింది అదే. రెసిస్టెన్సు బొత్తిగా లేకపోతే మాత్రం భాగించడానికి సున్నాయే మిగులుతుంది. సోర్స్ ఒక చివర సున్నా నోడుకు తగిలి ఉంటే పని ఇంకా తేలిక: కొత్త బ్యాటరీకి 0.05 లేదనుకుంటే VA 12.8 అని ముందే తెలిసిపోతుంది, A దగ్గర సమీకరణమే అక్కర్లేదు. సోర్స్ రెండు తెలియని నోడుల మధ్య వేలాడుతుంటే ఆ రెంటినీ కలిపి ఒకే సూపర్‌నోడుగా తీసుకుని బయటికి పోయే కరెంటులు కూడాలి. వాటి వోల్టేజీల తేడా సోర్స్ వోల్టేజికి సమానమన్నది రెండో సమీకరణం. కంప్యూటరుకూ ఇదే చిక్కు వచ్చింది. 1975లో హో, రూలీ, బ్రెనన్ ప్రచురించిన మాడిఫైడ్ నోడల్ పద్ధతిలో సోర్స్ కరెంటును కూడా ఒక తెలియని రాశిగా చేర్చుకున్నారు. స్పైస్ ప్రోగ్రాములు నడిచేది ఆ దారిలోనే.

ఇంట్లో కంప్యూటరు ఉంటే ఉచితంగా దొరికే ఎన్‌జీస్పైస్‌లో మన లెక్కను సరిచూసుకోండి:

```
kaivara shed
V1 1 0 12.8
R1 1 A 0.05
V2 2 0 12
R2 2 A 0.1
RW A B 0.5
I1 0 B 4
RL B 0 2.4
.op
.end
```

జవాబులో V1 కరెంటు మైనస్ 6, V2 కరెంటు ప్లస్ 5 అని కనిపిస్తే కంగారు పడొద్దు. సోర్స్ ప్లస్ టెర్మినల్‌లోంచి లోపలికి పోయే కరెంటును స్పైస్ ప్లస్‌గా చూపిస్తుంది. మైనస్ ఉన్నది ఇస్తోంది, ప్లస్ ఉన్నది పుచ్చుకుంటోంది.

కొత్త బ్యాటరీ పక్కన పాతది తగిలిస్తే రెండూ కలిసి లోడు మోస్తాయని ఇళ్లలో అనుకోవడానికీ ఇదే అపోహ మూలం. పాతది ఎక్కుతున్న కొద్దీ దాని వోల్టేజి పెరిగి ఆ 5 ఆంపియర్లు తగ్గుతాయి, కాబట్టి మన అంకెలు ఆ ఒక్క క్షణానివి. కానీ పాతదాంట్లో ఒక సెల్ షార్టై ఉంటే వోల్టేజి పెరగదు, అది తాగుతూనే ఉంటుంది. కలిపే ముందు రెంటినీ విడిగా పూర్తిగా చార్జ్ చేసి, కొన్ని గంటలు వదిలేసి, మీటరుతో చూడండి. పాతది అప్పటికే దిగజారిపోతుంటే దాన్ని కలపకండి. బాగానే ఉండి కలపాల్సి వస్తే ఒక్కోదానికి ఒక్కో ఫ్యూజు వేయండి.