నాలుగు బల్లల సూత్రం: పరీక్ష హాలులో సీటింగ్ వెనకున్న లెక్క

అర్ధవార్షిక పరీక్షలకు గదులు చాలని పాఠశాలలు పెద్ద హాలులో బల్లలు వేయిస్తాయి. ఇన్విజిలేటర్ల చేతికి ఒక సూచనల కాగితం, గోడ మీద ఒక సీటింగ్ ప్లాన్ వస్తాయి. ఈ రెండూ వేర్వేరు పనులన్నట్టు చూడటం వల్లే సగం ఇబ్బందులు వస్తాయి. ప్లాన్ సరిగ్గా వేస్తే కాపీకి దారి చాలావరకు మూసుకుపోతుంది. ఆ ప్లాన్ చివరి గంట దాకా చెదరకుండా చూడటమే సూచనల కాగితం పని.

ముందు ప్లాన్ సంగతి. ఏ హాలులోనైనా పక్కపక్కన రెండు, వాటి వెనక రెండు, మొత్తం నాలుగు బల్లలు తీసుకోండి. వాటిలో ప్రతి బల్లా మిగతా మూడింటికీ దగ్గరే: ఒకటి పక్కన, ఒకటి ముందో వెనకో, ఒకటి ఐమూలగా. కాబట్టి ఏ ఇద్దరు ఇరుగుపొరుగులకూ ఒకే ప్రశ్నపత్రం ఉండకూడదంటే నాలుగు తరగతులు కావాలి. మూడు తరగతులను ఎలా తిప్పి వేసినా ఈ నాలుగింటిలో ఏదో ఒక తరగతి రెండుసార్లు వస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. హాలులో 12 నిలువు వరసలు, ఒక్కో వరసలో 10 బల్లలు, మొత్తం 120. 6, 7, 8, 9 తరగతుల నుంచి 30 మంది చొప్పున రాస్తున్నారు. 1, 3, 5 లాంటి బేసి వరసల్లో 6, 8 తరగతుల పిల్లలను ఒకరి వెనక ఒకరిగా కూర్చోబెట్టాలి. సరి వరసల్లో 7, 9 తరగతులను అలాగే వేయాలి. ప్రతి వరసలో మొదటి బల్ల చిన్న తరగతికే ఇవ్వాలి. అప్పుడు ఒక్కో వరసలో ఒక తరగతి వారు అయిదుగురు; అలాంటి వరసలు ఆరు; లెక్క 30కి సరిపోతుంది. బల్లకూ బల్లకూ నాలుగు అడుగుల ఎడం ఉంటే, ఒకే ప్రశ్నపత్రం ఉన్నవారి మధ్య కనీసం ఎనిమిది అడుగుల దూరం వస్తుంది.

మూడు తరగతులే ఉంటే? ఒక్కో నిలువు వరసను ఒక్కో తరగతికి ఇవ్వడం మేలు. ముందున్న పిల్లవాడి వీపు అతని కాగితానికి అడ్డు ఉంటుంది. పక్కకు, ఐమూలకు మాత్రం చూపు సులువుగా పోతుంది. మెట్ల హాలులో ఈ మాట చెల్లదు, వెనకవారికి ముందువారి కాగితం కనిపిస్తుంది.

ఇక సూచనల కాగితం. అందులో అన్నిటికంటే ఎక్కువగా తప్పేది ‘రానివారి బల్ల ఖాళీగా వదలాలి’ అన్న వాక్యం. మన హాలులో మొదటి వరస అయిదో బల్ల ఆరో తరగతి మూడో నంబరుది. ఆ అమ్మాయి రాలేదు. మధ్యలో ఖాళీ ఎందుకని వెనకున్న ఎనిమిదో తరగతి అబ్బాయిని ముందుకు జరిపారనుకోండి. అతని ముందు, నాలుగో బల్లలో, అతని తరగతివాడే ఉన్నాడు. వరస మొత్తం జరిగితే పేపర్లు వసూలు చేసేటప్పుడు నంబర్ల క్రమం కూడా తప్పుతుంది. అందుకే ఖాళీ బల్ల మీద జవాబుపత్రం పెట్టకూడదు, హాజరు పట్టికలో ఆ నంబరు ఎదుట అప్పుడే గైర్హాజరు రాయాలి.

ప్రశ్నపత్రాలు పంచడానికీ ఒక పద్ధతి ఉండాలి. ఒక వరసలో రెండే తరగతులు కాబట్టి ఇన్విజిలేటరు వెళ్లేటప్పుడు ఒక కట్ట, తిరిగి వచ్చేటప్పుడు రెండో కట్ట పంచాలి. రెండూ కలిపి పట్టుకుంటే ఒకరి పేపరు మరొకరికి పోతుంది. నలుగురు ఇన్విజిలేటర్లుంటే తలా మూడు వరసలు. చివరి గంట కొట్టాక పిల్లలు లేవకూడదు. హాజరైనవారి సంఖ్య, చేతిలోని జవాబుపత్రాల సంఖ్య తరగతివారీగా సరిపోయాకే పంపాలి. లేచి వెళ్లాక ఒక పత్రం తగ్గితే అది ఎవరిదో తేల్చడం చాలా కష్టం.

ఈ పద్ధతికీ హద్దులున్నాయి. నాలుగు తరగతుల పరీక్ష సమయం ఒకటే కాకపోతే, ముందు ముగించినవారు లేచేటప్పుడు మిగతావారి ధ్యాస చెదురుతుంది. పైగా తొమ్మిదో తరగతి అబ్బాయికి ఆరో తరగతి లెక్కలు తెలుసు. కాబట్టి ఇన్విజిలేటరు చూపు తిరిగే తలల మీద కన్నా చేతులు మారే ప్రశ్నపత్రాల మీద ఉండాలి. తల తిప్పిన ప్రతి పిల్లనూ గద్దించడం అన్యాయం; పక్కన చూసినా పనికొచ్చేది లేని ప్లాన్ వేసి, వారిని నిశ్చింతగా రాయనివ్వడం పెద్దల బాధ్యత.

పరీక్ష ముందురోజు నాలుగు తరగతుల ప్లాన్ కాగితం మీద ఎక్కడైనా పక్కపక్కన రెండు, వాటి వెనక రెండు, మొత్తం నాలుగు గడుల చుట్టూ వేలు తిప్పి చూడండి. ఒక తరగతి రెండుసార్లు కనిపిస్తే బల్లల మీద నంబర్లు అంటించకముందే ప్లాన్ మార్చండి.