మసక ఎక్కడుందో చూడండి

థయోగ్లైకొలేట్ బ్రాత్ పోసిన గాజు ట్యూబ్‌ను కదపకుండా చూస్తే, లేత పసుపు ద్రవం మీద సన్నటి గులాబీ పట్టీ కనబడుతుంది. ఆ రంగు రిసాజురిన్ అనే సూచికది. ఆక్సిజన్ ఉన్నంత మేర అది గులాబీగా ఉంటుంది, లేనిచోట రంగు కోల్పోతుంది. పట్టీ దాటి కిందికి వెళ్లేకొద్దీ ఆక్సిజన్ తగ్గిపోతుంది, అడుగున దాదాపు ఉండదు. ఇందులో బ్యాక్టీరియా వేసి 35 డిగ్రీల దగ్గర ఒకటి రెండు రోజులు ఉంచితే, అది పెరిగినచోట ద్రవం మసకబారుతుంది.

ఆక్సిజన్ అవసరం లేని జీవులున్నాయని 1861లో లూయీ పాశ్చర్ గమనించాడు. అద్దం కింద ఉంచిన చుక్క అంచుల్లో, గాలి తగిలేచోట, బ్యాక్టీరియా కదలిక ఆగిపోయింది. మధ్యలో ఉన్నవి మాత్రం చురుగ్గా తిరుగుతూనే ఉన్నాయి. అలాంటివాటిని పెంచాలంటే గాలి లేని ప్రత్యేక పాత్రలు కావలసివచ్చేవి. 1940లో అమెరికాకు చెందిన జె. హోవర్డ్ బ్రూయర్ వాటిని మామూలు గదిలో, మామూలు ట్యూబ్‌లో పెంచే మార్గం చూపాడు.

కిటుకు రెండు పదార్థాల్లో ఉంది. సోడియం థయోగ్లైకొలేట్ ద్రవంలోని ఆక్సిజన్‌ను పట్టి తొలగిస్తుంది. లీటరుకు ఒక గ్రాము కూడా లేని అగర్ ద్రవాన్ని కొద్దిగా చిక్కబరుస్తుంది. దాంతో పైన కరిగిన గాలి త్వరగా కిందికి దిగలేదు.

క్షయ కారక బ్యాక్టీరియాలా ఆక్సిజన్ లేనిదే పెరగని జీవులను ఏరోబ్‌లు అంటారు. అలాంటిదే అయిన మైక్రోకోకస్ ల్యూటియస్‌ను ట్యూబ్‌లో వేస్తే పైపొరలోనే తెట్టు కడుతుంది. క్లోస్ట్రిడియం స్పోరోజీన్స్ అనేరోబ్. అది గులాబీ పట్టీ దరిదాపులకు రాకుండా కిందనే పెరుగుతుంది. మన పేగుల్లో ఉండే ఈ.కొలై ట్యూబ్ అంతటా వ్యాపిస్తుంది, కానీ పైన మరింత దట్టంగా ఉంటుంది. ఇది ఫ్యాకల్టేటివ్ జీవి. గాలి ఉంటే దాన్ని వాడుకుని గ్లూకోజ్ నుంచి ఎక్కువ శక్తి రాబట్టుకుంటుంది, లేకపోతే పులియబెట్టి తక్కువ శక్తితో సర్దుకుంటుంది. పైన దట్టంగా పెరగడానికి కారణం ఆ శక్తి తేడాయే.

అనేరోబ్‌కు గాలితో ఇబ్బంది ఎందుకు? ఆక్సిజన్ కణంలోకి చేరితే సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడతాయి. వాటిని విరిచేసే ఎంజైములు చాలా అనేరోబ్‌ల దగ్గర లేవు, ఉన్నా చాలవు. అయితే అన్నీ ఒకేలా చావవు. బ్యాక్టీరాయిడీస్ ఫ్రాజిలిస్ దగ్గర అలాంటి ఎంజైములు ఉన్నాయి. గాలిలో అది పెరగదు గానీ కొంతకాలం ప్రాణం నిలుపుకుంటుంది.

ట్యూబ్ ఎక్కడ మోసం చేస్తుందో చూపేది కూడా ఈ ఫ్రాజిలిసే. అపెండిక్స్ పగిలి కడుపులో చీము చేరిన రోగిని ఊహించండి. ఆ చీములో ఈ.కొలై, ఫ్రాజిలిస్ కలిసి ఉండటం మామూలే. గ్రామ్ స్టెయిన్‌లో రెండూ గులాబీ రంగు కడ్డీలే, కాకపోతే ఫ్రాజిలిస్ కాస్త పాలిపోయి కనబడుతుంది. బ్రాత్‌లో ఈ.కొలై వేగంగా పెరిగి ట్యూబ్ అంతా మసక చేస్తుంది. మసకలో మసక కలిసిపోతుంది. చూసినవారు ఈ.కొలై ఒక్కటే అనుకునే ప్రమాదం ఉంది.

అందుకే అనుభవమున్న టెక్నీషియన్ ట్యూబ్‌ను చూసి తీర్పు చెప్పరు. అడుగు నుంచి చుక్క తీసి రెండు బ్లడ్ అగర్ ప్లేట్ల మీద గీస్తారు. ఒకటి గాలిలో, రెండోది గాలి లేని జార్‌లో పెడతారు. జార్‌ను సాధారణంగా 48 గంటల దాకా తెరవరు. లోపల పెరిగిన ప్రతి రకం కాలనీనీ మళ్లీ గాలిలో పెంచి చూస్తారు. గాలిలోనూ పెరిగితే ఈ.కొలై లాంటి ఫ్యాకల్టేటివ్ జీవి, పెరగకపోతే అనేరోబ్. ఈ తేడా మందు దగ్గర తేలుతుంది. జెంటామైసిన్ కణంలోకి వెళ్లడానికి ఆక్సిజన్‌తో నడిచే శ్వాసక్రియ కావాలి కాబట్టి అనేరోబ్ మీద అది పనిచేయదు. మెట్రోనిడజోల్ అనేరోబ్ లోపలే చురుకైన విషంగా మారుతుంది, ఈ.కొలై మీద దాని ప్రభావం ఉండదు. ఈ చీములో ఒక్కదాన్నే గుర్తిస్తే వైద్యం సగంలో ఆగుతుంది.

ట్యూబ్ కూడా చెడుతుంది. గులాబీ రంగు పైనుంచి మూడో వంతు దాటి దిగితే గాలి ఎక్కువగా కలిసిందని అర్థం. మరిగే నీళ్లలో పెట్టి రంగు పోయాక చల్లార్చి వాడవచ్చు, కానీ ఒక్కసారే. మళ్లీ మళ్లీ వేడిచేస్తే బ్యాక్టీరియాకు హానిచేసే పదార్థాలు పుడతాయి. ట్యూబ్‌ను ఊపితే గాలి పొరలు కలిసిపోయి ఫలితం చదవడానికి పనికిరాదు.

అసలు నమూనా సరిగా రాకపోతే ఇదంతా వృథా. దూదిపుల్లతో అద్దిన చీము దారిలోనే గాలి తగిలి ఎండిపోతుంది, సున్నితమైన అనేరోబ్‌లు చనిపోతాయి. సిరంజిలోకి లాగిన చీమును, లోపలి గాలి వెళ్లగొట్టి, గాలి చొరని గొట్టంలో వెంటనే ల్యాబ్‌కు పంపాలి, ఫ్రిజ్‌లో పెట్టకూడదు.