మానేసిన టిఫిన్ లెక్క

పొద్దున టిఫిన్ మానేస్తే ఒళ్లు తగ్గుతుందని కొందరు మానేస్తారు. మానేస్తే ఆ ఆకలికి మధ్యాహ్నం రెండింతలు తిని లావెక్కుతామని ఇంకొందరు భయపడతారు. సర్వేలు చూస్తే రెండోవారి మాటే నిజమనిపిస్తుంది. టిఫిన్ తినని వాళ్లలో లావుగా ఉన్నవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. అయితే టిఫిన్ మానేసేవాళ్లలో రాత్రి పొద్దుపోయి పడుకునేవాళ్లు, సిగరెట్ తాగేవాళ్లు, వ్యాయామం జోలికి పోనివాళ్లు కూడా ఎక్కువే. లావుగా ఉన్నందుకే టిఫిన్ మానేసినవాళ్లూ ఉంటారు. కాబట్టి తప్పు టిఫిన్‌దేనని సర్వేలు తేల్చలేవు.

అది తేల్చాలంటే ఎవరు తినాలో, ఎవరు మానాలో పరిశోధకులే నిర్ణయించాలి. ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ బెట్స్ బృందం అదే చేసింది. సన్నగా ఉన్న 33 మందిని చీటీ వేసినట్టు రెండు జట్లు చేసి, ఆరు వారాలు చూసి, ఫలితాలను 2014లో ప్రచురించింది. ఒక జట్టు ఉదయం 11 లోపు కనీసం 700 కేలరీలు తినాలి. అందులో సగమైనా నిద్ర లేచిన రెండు గంటల్లో కడుపులో పడాలి. మన లెక్కలో అది సుమారుగా నాలుగు ఇడ్లీలు, రెండు గారెలు, పల్లీ చట్నీ, ఓ కప్పు కాఫీ. రెండో జట్టుకు మధ్యాహ్నం 12 దాకా మంచినీళ్లే. ఆ తర్వాత ఎవరికి ఎంత తినాలనిపిస్తే అంత తినొచ్చు.

మానేసినవాళ్లు మధ్యాహ్నం కాస్త ఎక్కువ తిన్నా, పొద్దున వదిలేసినదంతా పూడ్చుకోలేదు. రోజు మొత్తం మీద టిఫిన్ జట్టే సగటున 539 కేలరీలు ఎక్కువ తింది. ఈ లెక్కన ఆరు వారాల్లో ఆ జట్టు లావెక్కాలి, లేదా మానేసిన జట్టు తగ్గాలి. తీరా ఎక్స్‌రే స్కానింగ్‌తో ఒంట్లో కొవ్వు కొలిస్తే, జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

మరి ఆ కేలరీలు ఏమయ్యాయి? జవాబు వాళ్ల ఛాతీకి అతికించిన చిన్న పరికరంలో దొరికింది. గుండె వేగాన్నీ, ఒంటి కదలికనూ కలిపి లెక్కగట్టే పరికరం అది. టిఫిన్ తిన్నవాళ్లు కదలికల మీద రోజుకు 442 కేలరీలు ఎక్కువ ఖర్చు చేశారు. ఇదేమీ జిమ్ లెక్క కాదు. లేవడం, నడవడం, సామాన్లు సర్దడం లాంటి చిన్నాచితకా పనులే చాలావరకు. కడుపు ఖాళీగా ఉన్నవాళ్లు తమకు తెలియకుండానే ఆ పనులు తగ్గించుకున్నారు. కదలకుండా కూర్చున్నప్పుడు శరీరం ఖర్చు చేసే శక్తి మాత్రం రెండు జట్లలోనూ మారలేదు. పొద్దున తినకపోతే జీవక్రియ మందగిస్తుందనే మాటకు ఇక్కడ ఆధారం దొరకలేదు.

ఆకలి సంగతి వేరు. స్కాట్లాండులోని అబర్డీన్‌లో 30 మంది అధిక బరువున్నవాళ్లకు పరిశోధకులే వండిన భోజనం ఇచ్చారు. నాలుగు వారాలు రోజు తిండిలో పెద్ద వాటా పొద్దున, మరో నాలుగు వారాలు అదే వాటా రాత్రి పెట్టారు. మొత్తం కేలరీలు సమానం. 2022లో వచ్చిన ఫలితాల ప్రకారం రెండు పద్ధతుల్లోనూ సుమారు 3.3 కిలోలే తగ్గారు. కానీ పొద్దున ఎక్కువ తిన్న వారాల్లో రోజంతా ఆకలి తక్కువగా ఉంది. అక్కడ ఎవరెంత తినాలో కొలిచి ఇచ్చారు కాబట్టి ఆకలి తగ్గినా తూకం మారలేదు. సాయంత్రం ఐదు కాగానే మిక్చర్ డబ్బా వైపు చెయ్యి పోయే మనిషికి మాత్రం ఆ తేడా పనికొస్తుంది.

ఇవన్నీ కొద్దిమంది మీద, కొద్ది వారాలు జరిగిన పరీక్షలు. పైగా సగటు లెక్కలు. మీ ఒళ్లు ఏ జట్టుదో మీరే చూసుకోవచ్చు. రెండు వారాలు టిఫిన్ తిని, రెండు వారాలు మానేసి, మధ్యాహ్నం 12కి ఫోన్‌లో అడుగుల లెక్క, సాయంత్రం ఆకలి, పరగడుపున బొడ్డు దగ్గర నడుము కొలత రాసుకోండి. తూకం ఒక్కటే నమ్మితే మోసపోతారు. ఒంట్లో నీటి వల్లే అది ఒక్క రోజులో కిలో దాకా అటూ ఇటూ అవుతుంది. మానేసిన రోజుల్లో అడుగులు తగ్గి నడుము కదలకపోతే, బాత్‌లో జరిగిందే మీకూ జరుగుతున్నట్టు.

షుగరుకు ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు ఈ ప్రయోగం సొంతంగా చేయకూడదు. మందు వేసుకుని తిండి మానేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. డాక్టరు మోతాదు మార్చాకే ఆ పూట సంగతి.