ఎఫ్‌ఆర్‌ఏ: రేటు పెరిగితే ఎవరిస్తారు, తగ్గితే ఎవరిస్తారు?

యూరప్‌లో స్థిరపడిన మనవాళ్లలో చాలామందికి యూరిబార్ పేరు తెలుసు. ఇంటి అప్పుకో, వ్యాపారం కోసం తీసుకున్న అప్పుకో వడ్డీ దాన్నిబట్టి మారుతుంటుంది. ఆ మార్పు వల్ల దెబ్బ తినకుండా కంపెనీలు బ్యాంకులతో కుదుర్చుకునే ఒప్పందాల్లో ఒకటి ఫార్వర్డ్ రేట్ అగ్రిమెంట్, పొట్టిగా ఎఫ్‌ఆర్‌ఏ. ఇది ఒకే ఒక వడ్డీ కాలానికి సంబంధించింది, ఒకే ఒక చెల్లింపుతో ముగిసిపోతుంది. ఆ చెల్లింపు ఎలా లెక్కకొస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం.

ఒక కంపెనీ మూడు నెలల తర్వాత కోటి యూరోలు అప్పు తీసుకోవాలి. గడువు ఆరు నెలలు, అంటే 182 రోజులు. వడ్డీ ఆరు నెలల యూరిబార్ ప్రకారం. అప్పటికి రేటు పెరుగుతుందేమోనన్న భయంతో ఆ కంపెనీ ఈరోజే బ్యాంకు దగ్గర 2.50 శాతానికి ఎఫ్‌ఆర్‌ఏ కొంటుంది. మూడో నెల చివర మొదలై తొమ్మిదో నెల చివర ముగిసే కాలం కాబట్టి దీన్ని 3×9 అని రాస్తారు. కోటి యూరోలు చేతులు మారవు. అది లెక్క కోసం పెట్టుకున్న మొత్తం మాత్రమే. అసలు అప్పు ఈ బ్యాంకు దగ్గరే తీసుకోవాలని కూడా లేదు.

అప్పు మొదలయ్యే రోజుకు రెండు పనిదినాల ముందు ఆరు నెలల యూరిబార్ ఎంత వచ్చిందో చూస్తారు. అది ఒప్పంద రేటు కన్నా ఎక్కువుంటే అమ్మిన బ్యాంకు కొన్న కంపెనీకి చెల్లిస్తుంది. తక్కువుంటే కంపెనీయే బ్యాంకుకు చెల్లిస్తుంది.

రేటు 3.10 శాతం అయిందనుకుందాం. తేడా 0.60 శాతం. కోటి యూరోల మీద 182 రోజులకు, యూరో మార్కెట్ పద్ధతిలో ఏడాదికి 360 రోజుల లెక్కన, ఇది 30,333 యూరోలు. కానీ బ్యాంకు ఇచ్చేది 29,865 మాత్రమే. అప్పు మీద వడ్డీ ఆరు నెలల చివర కడతారు, ఎఫ్‌ఆర్‌ఏ డబ్బు మాత్రం ఆ కాలం మొదటి రోజే చేతికొస్తుంది. అందుకే ఆరు నెలల వడ్డీని ముందే తగ్గించి ఇస్తారు. తగ్గించడానికి వాడేది కొత్తగా వచ్చిన 3.10 శాతమే, ఒప్పందంలోని 2.50 కాదు. ఆ 29,865ను అదే రేటుకు ఆరు నెలలు ఉంచితే సరిగ్గా 30,333 అవుతుంది. కంపెనీ అప్పు మీద కట్టే వడ్డీ 1,56,722. అందులోంచి 30,333 తీసేస్తే మిగిలేది 1,26,389, అంటే 2.50 శాతం వడ్డీ.

రేటు 2.10కి పడిపోతే? 0.40 శాతం తేడాకు 20,222 యూరోలు, ముందే కడుతున్నందుకు తగ్గిస్తే 20,010. ఇది కంపెనీ కట్టాలి. అప్పు మీద వడ్డీ 1,06,167కి తగ్గింది, దానికి 20,222 కలిపితే మళ్లీ 1,26,389. కాబట్టి కట్టిన 20,010ని విడిగా చూసి నష్టమనుకోకూడదు. అయితే ఆ డబ్బు మొదటి రోజే సిద్ధంగా ఉండాలి, వడ్డీలో ఆదా కనిపించేది మాత్రం ఆరు నెలల తర్వాతే.

ఈ లెక్క సరిపోవాలంటే అప్పు, ఎఫ్‌ఆర్‌ఏ రెండూ ఒకే తీరున నడవాలి. 2015 నుంచి 2022 దాకా ఆరు నెలల యూరిబార్ సున్నా కంటే కిందికి పోయినప్పుడు ఈ సంగతి బాగా తెలిసొచ్చింది. చాలా అప్పు పత్రాల్లో ‘యూరిబార్ సున్నా కంటే తగ్గితే సున్నాగానే లెక్కిస్తాం’ అనే షరతు ఉంటుంది. ఎఫ్‌ఆర్‌ఏలో ఆ షరతు లేదనుకోండి. ఒప్పంద రేటు 0.10 శాతం, వచ్చిన రేటు మైనస్ 0.50 అయితే కంపెనీ 0.60 శాతం బ్యాంకుకు కట్టాలి. అప్పు మీద యూరిబార్ భాగం మాత్రం సున్నా దగ్గరే ఆగిపోతుంది. దాంతో 0.10కి కట్టుబడిందనుకున్న ఖర్చు 0.60 అవుతుంది. రేటు చూసే తేదీలు రెండు పత్రాల్లో వేరైనా ఇలాంటి తేడాయే వస్తుంది. బ్యాంకు తన లాభం కోసం యూరిబార్ మీద కలిపే అదనపు శాతానికి కూడా ఎఫ్‌ఆర్‌ఏ రక్షణ లేదు, అది విడిగా కట్టాల్సిందే.

కాలం మొదట్లోనే డబ్బు తేల్చేయాలంటే రేటు కూడా మొదట్లోనే తెలియాలి. యూరిబార్ అలా ముందే తెలుస్తుంది. 2023 జూన్‌తో పక్కకు తప్పుకున్న డాలర్ లైబార్ కూడా అలాంటిదే. దాని స్థానంలోకి వచ్చిన సోఫర్ ఒక రాత్రి అప్పు రేటు. రోజువారీ రేట్లను చక్రవడ్డీగా పోగేస్తే కాలం ముగిశాకే మొత్తం తెలుస్తుంది. ఆ లెక్కతో నడిచే డాలర్ అప్పుకు పైన చెప్పిన పద్ధతి యథాతథంగా పనికిరాదు.

సంతకం పెట్టే ముందు అప్పు పత్రం, ఎఫ్‌ఆర్‌ఏ పత్రం పక్కపక్కన పెట్టి చూడండి. రేటు చూసే తేదీ, రోజుల లెక్క, సున్నా షరతు మూడూ కలిస్తే యూరిబార్ ఎటు కదిలినా ఖర్చు మీరు కట్టుబడిన రేటు దగ్గరే ఉంటుంది.